దూర ప్రయాణానికి రైలు టికెట్: తరగతి చార్జీ, ఫ్లెక్సీ మెట్లు, రద్దు కోత కలిపి లెక్క వేసుకోవడం ఎలా

“రాజధాని ఎక్స్‌ప్రెస్‌లో థర్డ్ ఏసీ మేలా, మామూలు సూపర్‌ఫాస్ట్‌లో సెకండ్ ఏసీ మేలా?” అని పాఠకులు తరచూ అడుగుతున్నారు. “తేదీ ఇంకా ఖాయం కాలేదు, ఇప్పుడే కొనేయాలా, ఆగాలా?” అన్నది ఆ వెంటనే వచ్చే ప్రశ్న. ఈ రెండింటికీ జవాబు ఒకే లెక్కలో ఉంది. టికెట్ మీద కనిపించే చార్జీ ఒక్కటే చూస్తే ఆ లెక్క సగమే అవుతుంది. ఆలస్యంగా కొంటే ఎంత పెరుగుతుంది, ప్రయాణం మానుకుంటే ఎంత పోతుంది అన్న రెండు అంకెలు కూడా పక్కన వేసుకోవాలి.

ఈ వ్యాసంలో సికింద్రాబాద్–ఢిల్లీ ప్రయాణాన్ని ఉదాహరణగా తీసుకుంటున్నాను. అమ్మాయిని ఢిల్లీ విశ్వవిద్యాలయంలో చేర్చడానికి తల్లి, తండ్రి, అమ్మాయి ముగ్గురూ వెళ్తున్నారని అనుకుందాం. జూన్ 15న బయలుదేరాలి. అయితే ప్రవేశాల తేదీ కొంచెం అటూ ఇటూ జరగవచ్చు. ఈ ఒక్క సందేహమే టికెట్ ఎంపికను మార్చేస్తుంది.

## 1. మొదట తేదీ ఎంత గట్టిదో తేల్చుకోండి

రైలు వెతకడానికి ముందే చేయాల్సిన పని ఇది. మీ ప్రయాణం ఈ మూడింటిలో ఏ కోవలోకి వస్తుందో కాగితం మీద రాసుకోండి.

- ఖాయం: పెళ్లి, పరీక్ష, విమాన ప్రయాణం. తేదీ మారదు.
- బహుశా: తేదీ ప్రకటించారు, కానీ మారవచ్చు. మారితే కనీసం వారం ముందు తెలుస్తుంది.
- చివరిదాకా తెలియదు: ఆసుపత్రి పని, కోర్టు వాయిదా, సెలవు మంజూరు. బయలుదేరే ముందు రోజు దాకా అనుమానమే.

రెండో కోవకూ మూడో కోవకూ మధ్య తేడాను చాలామంది పట్టించుకోరు. నిజానికి అక్కడే డబ్బు పోతుంది. రద్దు కోతలో పెద్ద మెట్టు ప్రయాణానికి ముందు చివరి రెండు మూడు రోజుల్లో మొదలవుతుంది. మార్పు సంగతి వారం ముందు తెలిసేవారికి రద్దు దాదాపు చౌక. ముందు రోజు తెలిసేవారికి చాలా ఖరీదు.

మన ఉదాహరణలోని కుటుంబం ‘బహుశా’ కోవలోకి వస్తుంది.

## 2. ఏ రైలుకు ఫ్లెక్సీ ఉందో, ఏ రైలుకు లేదో విడదీయండి

సికింద్రాబాద్ నుంచి ఢిల్లీకి రోజూ నడిచే రైళ్లలో రెండింటిని పోల్చుదాం. ఒకటి హైదరాబాద్ నుంచి న్యూఢిల్లీ వెళ్లే తెలంగాణ ఎక్స్‌ప్రెస్ (12723). రెండోది బెంగళూరు నుంచి హజ్రత్ నిజాముద్దీన్ వెళ్తూ సికింద్రాబాద్‌లో ఆగే రాజధాని (22691). రెండూ ఇక్కడ ఉదయం ఎక్కితే మర్నాడు ఉదయానికి ఢిల్లీ చేరుస్తాయి.

తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో మూల చార్జీ మారదు. 60 రోజుల ముందు కొన్నా, వారం ముందు కొన్నా సాధారణ కోటాలో ధర ఒకటే.

రాజధాని, శతాబ్ది, దురంతో రైళ్లలో 2016 సెప్టెంబరు 9 నుంచి ఫ్లెక్సీ పద్ధతి నడుస్తోంది. ఆ తరగతిలో అమ్మాల్సిన బెర్తుల్లో మొదటి 10 శాతం మూల చార్జీకే ఇస్తారు. ఆ తర్వాత ప్రతి 10 శాతం బెర్తులు అమ్ముడైన కొద్దీ మూల చార్జీ 10 శాతం చొప్పున పెరుగుతుంది. 2019లో చేసిన సవరణతో గరిష్ఠ పరిమితి 1.4 రెట్ల దగ్గర ఆగింది. అంటే 40 శాతం బెర్తులు అయిపోయాక మిగిలినవన్నీ పై మెట్టు ధరకే. ఫస్ట్ ఏసీకి, ఎగ్జిక్యూటివ్ తరగతికి ఫ్లెక్సీ వర్తించదు. తక్కువ గిరాకీ ఉన్న కొన్ని రైళ్లలో ఏడాది పొడవునా, మరికొన్నింటిలో గిరాకీ తగ్గే నెలల్లో దీన్ని తీసేశారు కనుక మీ తేదీకి తెర మీద కనిపించే ధరనే నమ్మండి.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. పెరుగుదల మూల చార్జీ మీదే. ఆ మెట్టు సైతం బెర్తుల అమ్మకాన్ని బట్టి వస్తుందే తప్ప రోజులు గడిచినందువల్ల కాదు. పండగ సీజనులో బుకింగ్ తెరిచిన గంటలోనే పై మెట్టుకు చేరవచ్చు. ఫిబ్రవరిలో ఒక మంగళవారం నాటికి కింది మెట్టే నెలరోజులు నిలవవచ్చు.

## 3. బుకింగ్ ఏ రోజు తెరుచుకుంటుందో సరిగ్గా లెక్కపెట్టండి

2024 నవంబరు 1 నుంచి ముందస్తు రిజర్వేషన్ గడువు 60 రోజులు. ప్రయాణ తేదీని ఇందులో కలపరు. ఉదయం 8 గంటలకు బుకింగ్ తెరుస్తారు.

ఈ 60 రోజులను రైలు మొదలయ్యే స్టేషనులో బయలుదేరే తేదీ నుంచి లెక్కిస్తారు. మీరు ఎక్కే తేదీతో దానికి సంబంధం లేదు. జూన్ 15 ఉదయం సికింద్రాబాద్‌లో ఎక్కే రాజధాని జూన్ 14 రాత్రి బెంగళూరులో బయలుదేరుతుంది. అందుకని దాని బుకింగ్ ఏప్రిల్ 15న తెరుచుకుంటుంది. హైదరాబాద్ నుంచే మొదలయ్యే తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌కు అదే జూన్ 15 ప్రయాణం కోసం ఏప్రిల్ 16న తెరుస్తారు.

ఒక్క రోజు తేడాకు ఇంత పట్టింపెందుకని అనిపించవచ్చు. ఫ్లెక్సీ రైలులో మూల చార్జీకి దొరికేవి మొదటి 10 శాతం బెర్తులే. 72 బెర్తుల థర్డ్ ఏసీ బోగీ ఒక్కదాన్ని తీసుకుంటే అవి ఏడు. ఏప్రిల్ 16 ఉదయం తీరిగ్గా రాజధాని కోసం చూసేవారికి అప్పటికే రెండో, మూడో మెట్టు కనిపిస్తుంది.

తత్కాల్‌కూ ఇదే సూత్రం. మొదలయ్యే తేదీకి ముందు రోజు ఏసీ తరగతులకు ఉదయం 10 గంటలకు, నాన్ ఏసీకి 11 గంటలకు తెరుస్తారు. కాబట్టి ఈ రాజధానికి తత్కాల్ జూన్ 13 ఉదయమే. 14న చూస్తే ఆలస్యమైపోయినట్టే.

## 4. తరగతుల ధరలను ఒకే కొలతకు తెండి

మూల చార్జీలను పోల్చి ఆగిపోకండి. ఒక్కో టికెట్ మీద ఇవి అదనంగా పడతాయి:

- రిజర్వేషన్ రుసుము: స్లీపర్‌కు ₹20, థర్డ్ ఏసీకి ₹40, సెకండ్ ఏసీకి ₹50, ఫస్ట్ ఏసీకి ₹60.
- సూపర్‌ఫాస్ట్ సర్‌చార్జీ: స్లీపర్‌కు ₹30, థర్డ్, సెకండ్ ఏసీలకు ₹45, ఫస్ట్ ఏసీకి ₹75.
- జీఎస్టీ: ఏసీ తరగతులకు 5 శాతం. స్లీపర్‌కు లేదు.
- భోజనం: రాజధానిలో విడిగా కలుస్తుంది. టికెట్ తీసుకునేటప్పుడు వద్దని ఎంచుకోవచ్చు.
- ఐఆర్‌సీటీసీ సేవా రుసుము: యూపీఐతో చెల్లిస్తే నాన్ ఏసీకి ₹10, ఏసీకి ₹20. ఇతర మార్గాల్లో ₹15, ₹30. జీఎస్టీ వేరు. ఇది ఒక టికెట్‌కు ఒకసారే, తలకు కాదు. రద్దు చేసుకుంటే తిరిగి రాదు.

ఇప్పుడు లెక్క చేద్దాం. 2025లో రైల్వే చార్జీలను ఒకటికి రెండుసార్లు సవరించింది. అందువల్ల పద్ధతి అర్థమయ్యేలా గుండ్రని మూల చార్జీలు తీసుకుంటున్నాను. మీ రోజున తెర మీద కనిపించే అంకెలను వాటి స్థానంలో వేసుకోండి.

తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో మూల చార్జీలు స్లీపర్ ₹650, థర్డ్ ఏసీ ₹1,700, సెకండ్ ఏసీ ₹2,500 అనుకుందాం. రాజధాని థర్డ్ ఏసీ మూల చార్జీ ₹2,000 అనుకుందాం. భోజనం, సేవా రుసుము పక్కన పెట్టి తలకు అయ్యేది ఇది:

| టికెట్ | మూల చార్జీ | మొత్తం |
|---|---|---|
| తెలంగాణ స్లీపర్ | 650 | 700 |
| తెలంగాణ థర్డ్ ఏసీ | 1,700 | 1,874 |
| తెలంగాణ సెకండ్ ఏసీ | 2,500 | 2,725 |
| రాజధాని థర్డ్ ఏసీ, మొదటి మెట్టు | 2,000 | 2,189 |
| రాజధాని థర్డ్ ఏసీ, 1.2 మెట్టు | 2,400 | 2,609 |
| రాజధాని థర్డ్ ఏసీ, 1.3 మెట్టు | 2,600 | 2,819 |
| రాజధాని థర్డ్ ఏసీ, పై మెట్టు | 2,800 | 3,029 |

పట్టికను నెమ్మదిగా చూడండి. మొదటి మెట్టులో రాజధాని థర్డ్ ఏసీ తెలంగాణ థర్డ్ ఏసీ కంటే సుమారు ₹315 ఎక్కువ. తక్కువ స్టేషన్లలో ఆగే రైలుకు అది న్యాయమైన ధరే. 1.2 మెట్టు దాకా తెలంగాణ సెకండ్ ఏసీ కన్నా తక్కువలోనే ఉంటుంది. 1.3 దగ్గర దాన్ని దాటేస్తుంది. అక్కడి నుంచి మీరు థర్డ్ ఏసీ బెర్తుకు సెకండ్ ఏసీ కంటే ఎక్కువ చెల్లిస్తున్నారు.

ఈ దాటే చోటును ప్రతి ప్రయాణానికీ ముందే గుర్తించి పెట్టుకోవాలి. లెక్క సులువు. ఫ్లెక్సీ లేని రైలులోని పై తరగతి మూల చార్జీని ఫ్లెక్సీ రైలులోని కింది తరగతి మూల చార్జీతో భాగించండి. ఇక్కడ 2,500ను 2,000తో భాగిస్తే 1.25 వస్తుంది. 1.2 దాకా రాజధాని, 1.3 చూపిస్తే సెకండ్ ఏసీ. బుకింగ్ రోజున తెర ముందు కూర్చుని తడబడాల్సిన పని ఉండదు.

ఇద్దరు పెద్దవాళ్లు, మోకాళ్ల నొప్పులున్న తల్లి ప్రయాణిస్తుంటే నేను 1.2 దగ్గరే సెకండ్ ఏసీ వైపు మొగ్గుతాను. థర్డ్ ఏసీలో మధ్య బెర్తు బాధ ఉంటుంది, సెకండ్ ఏసీలో మధ్య బెర్తే ఉండదు. తలకు వంద రూపాయల తేడాకు 24 గంటల ప్రయాణంలో నడుం నిటారుగా పెట్టి కూర్చునే వీలు దొరుకుతుంది.

థర్డ్ ఏసీ ఎకానమీ కనిపిస్తే దాని సంగతి కూడా తెలుసుకోండి. చార్జీ మామూలు థర్డ్ ఏసీ కంటే కొంచెం తక్కువ. బోగీలో బెర్తులు ఎక్కువ కనుక కాళ్లు చాపుకునే చోటు తగ్గుతుంది. ఒక రాత్రి ప్రయాణానికి ఇబ్బంది లేదు.

## 5. రద్దు కోతను ధర పక్కనే రాయండి

ఖాయమైన టికెట్ రద్దు కోత మెట్ల రూపంలో ఉంటుంది. 2015 నవంబరు 12న అమల్లోకి వచ్చిన నిబంధనల చట్రం ఇలా ఉండేది:

- బయలుదేరడానికి 48 గంటల కంటే ముందు: తలకు స్థిరమైన కోత. స్లీపర్ ₹120, థర్డ్ ఏసీ ₹180, సెకండ్ ఏసీ ₹200, ఫస్ట్ ఏసీ ₹240. ఏసీకి జీఎస్టీ అదనం.
- 48 నుంచి 12 గంటల మధ్య: చార్జీలో 25 శాతం. పై స్థిర కోత కంటే తగ్గకూడదు.
- 12 నుంచి 4 గంటల మధ్య: చార్జీలో 50 శాతం. ఇక్కడా అదే కనీసం.
- ఆ తర్వాత: ఏమీ రాదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. రైల్వే ఇప్పుడు మొదటి చార్టును మునుపటి కంటే ఎంతో ముందుగా తయారుచేస్తోంది. ఉదయం బయలుదేరే రైలు చార్టు ముందు రోజు రాత్రికే వచ్చేస్తుంది. దానికి తగ్గట్టు గడువులు కూడా ముందుకు జరుగుతున్నాయి. వందే భారత్ స్లీపర్‌కు వేరే కఠినమైన నిబంధనలు పెట్టారు. అక్కడ 72 గంటల కంటే ముందు రద్దు చేసుకున్నా 25 శాతం పోతుంది. కనుక టికెట్ కొనే రోజున ఐఆర్‌సీటీసీ రద్దు నిబంధనల పేజీలో మీ రైలుకు వర్తించే గంటలు చూసి, వాటినే రాసుకోండి. లెక్క చేసే తీరు మాత్రం మారదు. మొదట స్థిర కోత, తర్వాత శాతం, చివరకు సున్నా.

మన ఉదాహరణలో తలకు పోయేది సుమారుగా ఇంత:

| టికెట్ | స్థిర కోత | 25 శాతం | 50 శాతం |
|---|---|---|---|
| స్లీపర్ (700) | 120 | 175 | 350 |
| తెలంగాణ థర్డ్ ఏసీ (1,874) | 189 | 470 | 940 |
| తెలంగాణ సెకండ్ ఏసీ (2,725) | 210 | 680 | 1,360 |
| రాజధాని థర్డ్ ఏసీ, పై మెట్టు (3,029) | 189 | 760 | 1,515 |

స్థిర కోత ఉన్న నిలువు వరుసకూ, శాతాలున్న నిలువు వరుసలకూ ఉన్న దూరం చూడండి. స్థిర కోత దశలో తెలంగాణ థర్డ్ ఏసీకీ, పై మెట్టులో కొన్న రాజధానికీ తేడా లేదు. రెండింటికీ ₹189. శాతం మొదలయ్యాక ఫ్లెక్సీలో ఎక్కువ పెట్టి కొన్నవారికి ఎక్కువ కోత పడుతుంది. ఖరీదుగా కొన్న పాపానికి రెండోసారి చెల్లించినట్టు. అందుకే ‘చివరిదాకా తెలియదు’ కోవలోని వారు పై మెట్టు ఫ్లెక్సీ టికెట్ జోలికి వెళ్లకపోవడమే మంచిది. 50 శాతం దశలో ముగ్గురికీ రద్దయితే నాలుగున్నర వేల రూపాయలు పోతాయి.

## 6. ఆగాలా, ఇప్పుడే కొనాలా?

ఇప్పుడు రెండు పట్టికలనూ కలపండి. రాజధాని థర్డ్ ఏసీలో ఒక్కో మెట్టు పెరుగుదల జీఎస్టీతో కలిపి ₹210. ముందుగా కొని, తేదీ మారితే స్థిర కోత దశలోనే రద్దు చేసుకుంటే పోయేది ₹189. అంటే ఒక్క మెట్టు ఎక్కే దాకా ఆగడం కంటే, ఇప్పుడే కొని అవసరమైతే వదులుకోవడమే చౌక.

థర్డ్ ఏసీలో మూల చార్జీ ₹1,800 దాటిన ఏ ఫ్లెక్సీ రైలుకైనా ఇది వర్తిస్తుంది, ఎందుకంటే అందులో 10 శాతం ₹180 కంటే ఎక్కువ. దూర ప్రయాణాల్లో మూల చార్జీ సాధారణంగా ఆ హద్దు దగ్గరో దానికి పైనో ఉంటుంది. విజయవాడ నుంచి చెన్నై లాంటి తక్కువ దూరానికి ఈ సూత్రం పనిచేయదు. అక్కడ స్థిర కోతే పెద్ద దెబ్బ.

షరతు ఒక్కటే. రద్దు సంగతి స్థిర కోత గడువు లోపలే మీకు తెలియాలి. మన ఉదాహరణ కుటుంబం ‘బహుశా’ కోవలో ఉంది కనుక ఏప్రిల్ 15 ఉదయం 8 గంటలకు రాజధానిలో కింది మెట్టు దొరికితే కొనడమే సరైన నిర్ణయం. మే చివర ప్రవేశాల తేదీ జరిగిందని తెలిస్తే ముగ్గురికీ కలిపి ₹567, దానికి తోడు సేవా రుసుము పోతాయి. కొత్త తేదీకి ఆ రోజున నడుస్తున్న మెట్టు ధర చెల్లించాలి. అది 1.25 దాటితే తెలంగాణ సెకండ్ ఏసీకి మారిపోవాలి.

ఫ్లెక్సీ లేని తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో ఆగితే ధర పెరగదు. అక్కడ ఆగడంలో ఉన్న ప్రమాదం బెర్తులు అయిపోవడం. జూన్‌లో ఢిల్లీ వైపు బెర్తులు నిలవవు కనుక అక్కడా ముందే కొనమంటాను. జూలై చివరి వారంలో అయితే అందుబాటును రెండు మూడు రోజులకోసారి చూసుకుంటూ ఆగవచ్చు.

రెండు తేదీలకూ టికెట్లు కొని ఒకటి రద్దు చేసుకునేవారు ఉన్నారు. నిబంధనలు దీన్ని అడ్డుకోవు. ఖర్చు తలకు స్థిర కోత మాత్రమే. కానీ వెయిటింగ్ లిస్టులో ఉన్న మరో కుటుంబం బెర్తును వారాల తరబడి పట్టి ఉంచుతున్నామని మరిచిపోకూడదు. ఆసుపత్రి తేదీ లాంటి తప్పనిసరి పనికి తప్ప ఈ దారి పట్టవద్దని నా మాట.

## 7. వెయిటింగ్ లిస్టు, ఆర్‌ఏసీ: చౌక రద్దు ఎప్పుడు ఖరీదవుతుంది?

వెయిటింగ్ లిస్టు, ఆర్‌ఏసీ టికెట్ల రద్దుకు తలకు ₹60 క్లర్కేజీ పోతుంది, ఏసీకి జీఎస్టీ అదనం. చార్టు తర్వాత కూడా పూర్తిగా వెయిటింగ్ లిస్టులోనే మిగిలిన ఆన్‌లైన్ టికెట్ దానంతటదే రద్దయి, క్లర్కేజీ పోను డబ్బు ఖాతాకు వస్తుంది.

దీన్ని నమ్ముకుని “వెయిటింగ్ లిస్టే కదా, ఎప్పుడైనా అరవై రూపాయలతో వదిలించుకోవచ్చు” అనుకునేవారు ఒక చోట దెబ్బతింటారు. టికెట్ ఎవరూ చూడని రాత్రి `CNF` అయిపోతుంది. ఆ క్షణం నుంచి అది ఖాయమైన టికెట్. స్థిర కోత గడువు దాటాక చూసుకుంటే ₹60 కాస్తా 25 శాతం అయి కూర్చుంటుంది.

విరుగుడు తేలిక. స్థిర కోత గడువు ముగియడానికి నాలుగైదు గంటల ముందు ఫోనులో అలారం పెట్టుకోండి. అది మోగినప్పుడు పీఎన్‌ఆర్ స్థితి చూసి, వెళ్తున్నామా లేదా అని అప్పుడే తేల్చుకోండి.

మరో రైలులో బెర్తుకైనా ఒప్పుకునే ‘వికల్ప్’ ఎంచుకున్నవారు ఇంకొంచెం జాగ్రత్తగా ఉండాలి. వేరే రైలులో బెర్తు కేటాయించారంటే మీది ఖాయమైన టికెట్ కిందే లెక్క. ఆ రైలు వేళ నచ్చలేదని రద్దు చేసుకుంటే ఖాయమైన టికెట్ కోతే పడుతుంది.

ఒకే పీఎన్‌ఆర్ మీద ముగ్గురుండి, ఇద్దరికి ఖాయమై ఒకరికి వెయిటింగ్ లిస్టు మిగిలితే నిబంధన మీకు అనుకూలంగా ఉంది. అందరూ మానుకుంటే, బయలుదేరడానికి అరగంట ముందు వరకు ఖాయమైన ఇద్దరికి కూడా క్లర్కేజీ మాత్రమే పట్టుకుని మిగతాది ఇస్తారు. కుటుంబాన్ని విడివిడి టికెట్లుగా చీల్చితే ఈ రక్షణ పోతుంది. ఒక్కరు మాత్రమే మానుకుంటే అదే పీఎన్‌ఆర్‌లో ఆ ఒక్కరి టికెట్‌నే రద్దు చేసే వీలుంది కాబట్టి చీల్చాల్సిన అవసరమూ లేదు.

## 8. తత్కాల్‌ను లెక్కలో ఎక్కడ పెట్టాలి?

చివర్లో. మామూలు రైలులో తత్కాల్‌కు మూల చార్జీ మీద 30 శాతం అదనం. స్లీపర్‌కు ₹100–200, థర్డ్ ఏసీకి ₹300–400, సెకండ్ ఏసీకి ₹400–500 హద్దులున్నాయి. ఖాయమైన తత్కాల్ టికెట్ రద్దు చేసుకుంటే రూపాయి కూడా రాదు. వెయిటింగ్ లిస్టులో ఉన్న తత్కాల్‌కు మాత్రం క్లర్కేజీ పోను వస్తుంది. ప్రీమియం తత్కాల్‌లో ధర అమ్మకాన్ని బట్టి పెరుగుతూ పోతుంది, రద్దుకు ఏమీ ఇవ్వరు.

కనుక తత్కాల్ ‘ఖాయం’ కోవ ప్రయాణానికే. 2025 జూలై నుంచి ఆన్‌లైన్ తత్కాల్‌కు ఆధార్ ధ్రువీకరణ తప్పనిసరి. ఖాతాకు ఆ పనిని ముందు రోజే ముగించండి, ఉదయం పది గంటలకు దానితో తంటాలు పడుతూ బెర్తు పోగొట్టుకోవద్దు.

## 9. ‘బుక్’ నొక్కే ముందు సరిచూసుకోవలసినవి

- రైలు మొదలయ్యే తేదీ, నేను ఎక్కే తేదీ ఒకటేనా?
- తెర మీద ఉన్నది ఏ ఫ్లెక్సీ మెట్టు? నేను రాసుకున్న దాటే చోటు కంటే కిందే ఉందా?
- రాజధాని అయితే భోజనం కావాలో వద్దో ఎంచుకున్నానా?
- ఈ రైలుకు స్థిర కోత ఎన్ని గంటల ముందు ముగుస్తుంది? ఆ తేదీ, వేళ ఫోనులో పెట్టానా?
- ముగ్గురూ ఒకే పీఎన్‌ఆర్ మీద ఉన్నారా?
- యూపీఐతో చెల్లిస్తున్నానా?

## 10. తప్పు జరిగాక ఏం చేయాలి?

ఒకరు రాలేకపోతున్నారు, ఇంట్లో మరొకరు వెళ్లగలరు. రద్దు చేయకండి. ఖాయమైన టికెట్‌ను తల్లి, తండ్రి, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, కొడుకు, కూతురు, భార్య లేదా భర్త పేరు మీదికి ఒకసారి మార్పించుకోవచ్చు. బయలుదేరడానికి 24 గంటల ముందే రిజర్వేషన్ కౌంటరుకు వెళ్లి రాతపూర్వకంగా అడగాలి. టికెట్ ప్రింటు, ఇద్దరి గుర్తింపు కార్డులు, బంధుత్వం తెలిపే పత్రం తీసుకెళ్లండి. పై మెట్టులో కొన్న టికెట్‌కు ఇది రెండు గంటల శ్రమతో వందల రూపాయలు మిగిలించే పని.

రద్దు చేద్దామంటే ఆన్‌లైన్‌లో వీలు కావడం లేదు. చార్టు తయారైపోయి ఉంటుంది. చార్టు సాధారణంగా రైలు మొదలయ్యే స్టేషనును బట్టి వస్తుంది. బెంగళూరు రాజధానికి చార్టు జూన్ 14న బెంగళూరులో బయలుదేరే వేళకు గంటల ముందే సిద్ధమవుతుంది. సికింద్రాబాద్‌లో మీ రైలు మర్నాడు ఉదయం కదా అని 14 రాత్రి రద్దు చేయబోతే ఆ దారి మూసుకుపోయి ఉంటుంది. ఇలాంటి రైళ్లకు రద్దు నిర్ణయాన్ని మొదలయ్యే స్టేషను వేళ ప్రకారమే తీసుకోండి.

ఆర్‌ఏసీగానే మిగిలింది, వెళ్లడం లేదు. చార్టు తర్వాత ఆన్‌లైన్‌లో డబ్బు వాపసు కోరే దరఖాస్తు, టీడీఆర్, దాఖలు చేయాలి. గడువు బయలుదేరడానికి అరగంట ముందు వరకే. సగం సీటు అయినా చార్జీ పూర్తిగా కట్టి ఉంటారు కాబట్టి దీన్ని వదులుకోకండి.

రైలు మీ స్టేషనుకు మూడు గంటలకు మించి ఆలస్యంగా వస్తోంది, మీరు ప్రయాణం మానుకుంటున్నారు. ఖాయమైన టికెట్‌కు కూడా పూర్తి చార్జీ వస్తుంది. ఐఆర్‌సీటీసీలో `File TDR` తెరిచి, ఆలస్యం కారణాన్ని ఎంచుకుని, రైలు మీ స్టేషను నుంచి నిజంగా కదిలే లోపలే దాఖలు చేయాలి. కోపంతో మామూలు రద్దు నొక్కితే రద్దు కోతే పడుతుంది. ఆలస్యం చూపించే తెర చిత్రాన్ని తీసి ఉంచుకోండి.

రైలే రద్దయింది. ఆన్‌లైన్ టికెట్‌కు పూర్తి డబ్బు దానంతటదే వస్తుంది. మీరు రద్దు నొక్కనక్కర్లేదు, టీడీఆర్ అక్కర్లేదు. కౌంటరులో కొన్న టికెట్ అయితే మాత్రం కౌంటరులోనే తిరిగి ఇచ్చి డబ్బు తీసుకోవాలి.